మైగ్రేనా, టెన్షన్ తలనొప్పా? మాత్ర ఎప్పుడు, స్కాన్ ఎప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు వచ్చేది మైగ్రేనా, టెన్షన్ తలనొప్పా? ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చా?

చాలావరకు తేల్చుకోవచ్చు. నొప్పి ఎక్కడుంది అన్నదానికంటే, నొప్పి వచ్చినప్పుడు మీరేం చేస్తారన్నది చూడండి. లైటు ఆర్పేసి, తలుపు వేసుకుని, ఎవరూ పలకరించకుండా ఉంటే చాలని కదలకుండా పడుకుంటే అది మైగ్రేన్ అయ్యే అవకాశమే ఎక్కువ. తల బరువుగా ఉన్నా, చుట్టూ పట్టీ బిగించినట్టున్నా, విసుక్కుంటూనే పని చేసుకుపోగలిగితే, కాస్త నడిచొస్తే తేలిగ్గా అనిపిస్తే, అది టెన్షన్ తలనొప్పి.

డాక్టర్లు పెట్టుకున్న కొలతలు కూడా ఇంచుమించు ఇవే. మైగ్రేన్ మాత్ర వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. ఒక పక్కనే రావడం, నాడి కొట్టుకున్నట్టు పోటు పెట్టడం, పని చేసుకోలేనంత గట్టిగా ఉండటం, మెట్లెక్కినా వంగినా పెరగడం, ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. వాటితోపాటు కడుపులో తిప్పడమో వాంతో ఉండాలి, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోవాలి. ఇలాంటివి కనీసం 5 సార్లు వచ్చి ఉంటేనే ఆ పేరు పెడతారు, ఎందుకంటే ఒక్కసారి వచ్చిన తలనొప్పికి ఏ పేరైనా పెట్టేయొచ్చు. టెన్షన్ తలనొప్పి అరగంటలో పోవచ్చు, 7 రోజులు లాగొచ్చు, కానీ వాంతి ఉండదు, నడిస్తే పెరగదు.

రెండు పక్కలా వస్తోంది. అంటే మైగ్రేన్ కానట్టేగా?

అలా తేల్చేయలేం. పార్శ్వపు నొప్పి అనే పేరే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామందికి రెండు కణతల్లోనూ, తల వెనకా, ఒక్కోసారి కళ్ల వెనకా నొప్పి వస్తుంది. పిల్లల్లో అయితే రెండు వైపులా రావడమే మామూలు.

నాది మెడ దగ్గర మొదలవుతుంది, ముక్కు కూడా దిబ్బడేస్తుంది. సైనస్ అన్నారు, మెడ ఎముకలు అరిగాయన్నారు. అదే నిజమా?

కొందరి విషయంలో నిజం కావచ్చు. కానీ ఏళ్ల తరబడి సైనస్ తలనొప్పి అని మందులు వాడినవాళ్లను కూర్చోబెట్టి వివరంగా అడిగితే, ఎక్కువమందిది మైగ్రేనే అని తేలుతుంది. ముఖానికీ, కంటికీ, మెదడు పొరలకీ స్పర్శ తెలిపే నరం ఒకటే, దాని పేరు ట్రైజెమినల్ నరం. మైగ్రేన్‌లో అది రెచ్చిపోతుంది కాబట్టి కంట్లో నీళ్లు కారుతాయి, ముక్కు దిబ్బడేస్తుంది. ఆ నరం తెచ్చే కబుర్లూ, మెడ పైభాగం నుంచి వచ్చే కబుర్లూ మెదడు కాండంలో ఒకేచోట కలుస్తాయి, అందుకే మెడా పట్టేస్తుంది. నిజమైన సైనస్ ఇన్ఫెక్షన్‌లో చిక్కటి పచ్చని చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం లాంటివి ఉంటాయి, నెలనెలా వచ్చి రెండు రోజుల్లో దానంతటదే మాయమైపోదు.

నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయి. అది పక్షవాతానికి గుర్తా?

దాన్ని ఆరా అంటారు. చూపు మధ్యలో చిన్న మెరిసే చుక్కలా మొదలై, వంకర టింకర గీతలుగా మెల్లగా పక్కకి పాకి, 5 నిమిషాల నుంచి గంటలోపు పోతుంది, ఆ తర్వాత నొప్పి మొదలవుతుంది. కొందరికి చేతి వేళ్లలో తిమ్మిరి పుట్టి మోచేతికీ, పెదవులకీ పాకుతుంది. ఈ పాకడమే అసలైన గుర్తు. పక్షవాతంలో చూపో చేయో ఒక్కసారిగా పోతుంది, మెరుపులు పెరగడం, పాకడం ఉండవు. కానీ మొదటిసారి వస్తే మీరే నిర్ణయించుకోకండి. గంట దాటినా తగ్గకపోతే, చేయి బలం తగ్గితే, మాట తడబడితే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. ఆరా ఉన్న ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆ మాత్రలు రాయించుకునేటప్పుడు ఆరా సంగతి మీరే ముందు చెప్పండి.

ఏం తింటే మైగ్రేన్ వస్తుంది? ఏం మానేయాలి?

తిండి మీదే అందరి కన్నూ పడుతుంది, నాకు మాత్రం తిండి కన్నా తినకపోవడమే పెద్ద దోషి అనిపిస్తుంది. మైగ్రేన్ ఉన్న మెదడుకి మార్పు పడదు. భోజనం ఆలస్యమైనా, నిద్ర తగ్గినా, నిద్ర ఎక్కువైనా, రోజూ తాగే కాఫీ ఆ రోజు తాగకపోయినా అది తట్టుకోలేదు. ఒత్తిడి పెరిగినప్పటికంటే, ఒత్తిడి తగ్గిన మర్నాడు వచ్చేవాళ్లూ ఎక్కువే.

ఉదాహరణకి ఒకావిడని ఊహించుకుందాం, వయసు 34, నెలకి నాలుగైదు సార్లు వస్తోంది. చాక్లెట్ వల్లే అని రెండేళ్లుగా మానేసింది, ఏమీ తగ్గలేదు. మూడు నెలలు డైరీ రాసింది, రోజుకి నాలుగే విషయాలు: ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఏ పూట భోజనం తప్పింది, నెలసరి తేదీ. అప్పుడు తెలిసింది ఏంటంటే, 13 సార్లు వస్తే అందులో 6 సెలవు రోజు పొద్దున్నే వచ్చాయి. ఆ రోజు రెండు గంటలు ఆలస్యంగా లేచేది, కాఫీ కూడా అంతే ఆలస్యం. ఇంకో 4 నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు లోపల వచ్చాయి, ఈస్ట్రోజెన్ పడిపోయే రోజులవి. మిగతా మూడింటికి కారణమేమీ దొరకలేదు, అలా దొరకకపోవడం కూడా మామూలే.

మరి చాక్లెట్? నొప్పికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ముందు రోజే మైగ్రేన్ మొదలైపోతుంది. ఆవలింతలు, చిరాకు, మెడ పట్టేయడం, తీపి మీదకి మనసు పోవడం, ఇవన్నీ అప్పుడే వస్తాయి. అంటే ఆవిడ చాక్లెట్ తిన్నందుకు నొప్పి రాలేదు, నొప్పి రాబోతోంది కాబట్టే చాక్లెట్ తినాలనిపించింది. మద్యం, ముఖ్యంగా రెడ్ వైన్, కొందరికి నిజంగానే పడదు. ఘాటైన సెంటు వాసన, మిణుకుమిణుకుమనే లైట్లు కూడా అంతే. కానీ డైరీలో మూడు నాలుగు సార్లు కనిపించందే దేన్నీ మానేయకండి, లేకపోతే తినేవన్నీ ఒక్కొక్కటే పోతాయి, తలనొప్పి మాత్రం ఉంటుంది.

ఆవిడ చేసిన మార్పు ఒక్కటే, సెలవు రోజు కూడా రోజూ లేచే వేళకే లేచి కాఫీ తాగింది, నిద్ర కావాలంటే మధ్యాహ్నం పడుకుంది. నెలసరి నాటివి అలాగే వచ్చాయి, వాటికి మాత్రే దారి.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? నొప్పి బాగా ముదిరే దాకా ఓర్చుకోవడం మంచిది కాదా?

ఈ ఓర్చుకోవడమే మాత్రలు పనిచేయకపోవడానికి మొదటి కారణం. మైగ్రేన్ మొదలయ్యాక కడుపు కదలికలు మందగిస్తాయి. మింగిన మాత్ర కడుపులోనే కూర్చుంటుంది, పేగులకి చేరదు, రక్తంలోకి ఎక్కదు. పైగా నొప్పి ముదిరేకొద్దీ మెదడులోని నొప్పి దారులు కూడా రెచ్చిపోతాయి, దువ్వెన పెట్టినా మాడు మండుతుంది. అక్కడిదాకా వచ్చాక ఏ మందైనా సగమే పనిచేస్తుంది.

పైన చెప్పిన ఆవిడ రోజు ఇలా గడిచేది: పదకొండింటికి ఆవలింతలు, ఒంటిగంటకి కుడి కణతలో చిన్న సలుపు, "చూద్దాంలే" అనుకుంటూ పని, నాలుగింటికి పోటు, అప్పుడు ఒక 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్, ఐదున్నరకి వాంతి, మాత్ర కూడా బయటికి, రాత్రంతా చీకటి గది. ఆ మాత్ర తనకి పనిచేయదనే ఆవిడ అనుకునేది. నిజానికి వేసుకున్నది సగం డోసు, అదీ మూడు గంటలు ఆలస్యంగా.

తర్వాతిసారి ఒంటిగంటకే, సలుపు చిన్నగా ఉన్నప్పుడే, 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ వేసుకుంది, దాంతోపాటు డాక్టర్ రాసిచ్చిన 10 మిల్లీగ్రాముల డోంపెరిడోన్. రెండోది వికారం తగ్గించి, కడుపుని కదిలించి మొదటిదాన్ని ముందుకు తోస్తుంది. మూడింటికల్లా పని చేసుకోగలిగింది.

పెద్దవాళ్లకి ఒక్కసారికి సరిపడే డోసులు ఇవి: ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, నాప్రోక్సెన్ 500, ఆస్పిరిన్ 900, పారాసెటమాల్ 1000. వీటిలో ఏదో ఒకటే, అన్నీ కలిపి కాదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, నొప్పి మాత్రలకి రెచ్చిపోయే ఆస్తమా ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ మొదటి మూడింటి జోలికి డాక్టర్‌ని అడక్కుండా వెళ్లకూడదు. గర్భిణులకి మొదటి ఎంపిక పారాసెటమాల్. 16 ఏళ్ల లోపు పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఇవేవీ పనిచేయకపోతే? ట్రిప్టాన్లు అంటున్నారు, అవేంటి?

మైగ్రేన్ కోసమే తయారైన మందులవి. సుమట్రిప్టాన్ 50 లేదా 100 మిల్లీగ్రాములు, రైజట్రిప్టాన్ 10, ఇలా కొన్ని ఉన్నాయి. నొప్పి సంకేతాలని మోసే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని నరాల చివర్ల నుంచి బయటికి రానివ్వవు, ఉబ్బిన రక్తనాళాల్ని కుదిస్తాయి. ఈ కుదించే గుణం వల్లే గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లూ, బీపీ అదుపులో లేనివాళ్లూ వాడకూడదు. వేసుకున్నాక ఛాతీ మీదా గొంతు దగ్గరా కాసేపు బిగుతుగా అనిపించవచ్చు, ఒళ్లు వెచ్చబడొచ్చు, సాధారణంగా ప్రమాదం కాదు గానీ డాక్టర్‌కి చెప్పాలి.

ఆరా ఉన్నవాళ్లు మెరుపులు కనిపించగానే వేసుకోకుండా, నొప్పి మొదలవ్వగానే వేసుకోవాలి. తగ్గి మళ్లీ వస్తే రెండు గంటల తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చు. అసలు మొదటిది ఏమాత్రం పనిచేయకపోతే అదే నొప్పికి రెండోది కూడా పనిచేసే అవకాశం తక్కువ. ఒక ట్రిప్టాన్ పనిచేయలేదని అన్నిటినీ వదిలేయకండి, రెండు మూడు సార్లు సరైన వేళకి వాడి చూసి, అప్పుడు ఇంకో రకానికి మారొచ్చు. వాంతులు ఎక్కువైనవాళ్లకి ముక్కులో కొట్టుకునే స్ప్రే, ఇంజెక్షన్ ఉన్నాయి. ఎర్గోటమిన్ ఉన్న పాత మందులు వేసుకున్న 24 గంటల్లోపు ట్రిప్టాన్ వేసుకోకూడదు, అది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. గుండె జబ్బు వల్ల ట్రిప్టాన్ పడనివాళ్ల కోసం జెపాంట్లు అనే కొత్త రకం వచ్చింది, అవి రక్తనాళాల్ని కుదించవు.

టెన్షన్ తలనొప్పికి కూడా ఇవే మందులా?

ఐబుప్రోఫెన్ 400 గానీ పారాసెటమాల్ 1000 గానీ చాలు. ట్రిప్టాన్ దీనికి కాదు. నెలకి 15 రోజులు దాటి వస్తుంటే మాత్రల మీద మాత్రలు వేసుకోకుండా, అమిట్రిప్టిలిన్ లాంటి నివారణ మందు గురించి డాక్టర్‌ని అడగండి, చిన్న డోసులో రాత్రిపూట వేసుకునేది.

దాదాపు రోజూ మాత్ర వేసుకుంటున్నాను, అయినా రోజూ నొప్పే. ఎందుకు?

ఆ మాత్రే కారణం కావచ్చు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకి 15 రోజులు, ట్రిప్టాన్లు గానీ, కెఫీన్‌తోనో కోడీన్‌తోనో కలిపిన మాత్రలు గానీ నెలకి 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే మందు వల్లే తలనొప్పి పుడుతుంది. ఇక్కడ లెక్కపెట్టాల్సింది రోజుల్ని. ఒక రోజు రెండు వేసుకున్నా అది ఒక్క రోజే, రోజుకొకటి చొప్పున 20 రోజులు వేసుకుంటే అది ప్రమాదం. క్యాలెండర్ మీద మాత్ర వేసుకున్న ప్రతి రోజూ ఒక గుర్తు పెట్టండి, వారానికి రెండు రోజులు దాటకుండా చూసుకోండి. మాత్రలు ఆపాక మొదటి వారం పది రోజుల పాటు నొప్పి పెరుగుతుంది, అప్పుడే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. కోడీన్ లాంటివి ఏళ్లుగా వాడుతుంటే మాత్రం ఒంటరిగా ఆపకండి, డాక్టర్ పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి.

ఇన్నేళ్లుగా వస్తోంది. ఒకసారి స్కాన్ తీయించుకుంటే మంచిది కదా?

ఏళ్లుగా ఒకే తీరులో వస్తూ, మధ్యలో పూర్తిగా తగ్గిపోతూ, డాక్టర్ పరీక్షలో తేడా ఏమీ కనిపించకపోతే స్కాన్ అక్కర్లేదు. మైగ్రేన్ స్కాన్‌లో కనిపించదు. కనిపించేవి చాలాసార్లు నొప్పితో సంబంధం లేని చిన్న మచ్చలు, వాటిని చూసి భయపడి మళ్లీ స్కాన్లు. నొప్పి ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి స్కాన్ రాయరు, నొప్పి తీరు మారిందా లేదా అన్నదే చూస్తారు.

మరి ఎలాంటి తలనొప్పికి వెంటనే పరిగెత్తాలి?

అన్నిటికంటే ముందు, పిడుగు పడ్డట్టు వచ్చేది. ఎవరో తల వెనక కర్రతో కొట్టినట్టు, ఒక్క నిమిషంలోపే పతాకస్థాయికి చేరేది. మైగ్రేన్ ఎంత ఘోరమైనదైనా మెల్లగా పెరుగుతుంది, అరగంటో గంటో పడుతుంది. నిమిషంలో వచ్చింది అంటే మెదడు చుట్టూ రక్తస్రావం అయ్యిందేమో అని చూడాల్సిందే, సాధారణంగా ఉబ్బిన రక్తనాళం పగలడం వల్ల అలా అవుతుంది. ఇక్కడ గంటలే లెక్క. మొదలైన 6 గంటల్లోపు మంచి యంత్రం మీద సీటీ తీసి, అనుభవం ఉన్న రేడియాలజిస్టు చూస్తే ఆ రక్తం దాదాపు ఎప్పుడూ తప్పిపోదు. ఆలస్యమయ్యేకొద్దీ రక్తం కరిగిపోతుంది, సీటీ నార్మల్ అని వచ్చినా నమ్మడానికి లేదు, నడుము దగ్గర సూది పెట్టి వెన్ను నీరు తీసి చూడటమో, రక్తనాళాల స్కానో చేయాల్సి వస్తుంది. అందుకే "పడుకుని లేస్తే తగ్గుతుందేమో" అని ఆ రాత్రి వృథా చేయకూడదు. మాత్రతో తగ్గినా సరే వెళ్లండి, రక్తస్రావం నొప్పి కూడా మాత్రతో కాసేపు తగ్గొచ్చు.

జ్వరం, మెడ బిగుసుకుపోవడం కలిస్తే మెదడు పొరల ఇన్ఫెక్షన్ కావచ్చు. చేయి కాలు బలం తగ్గడం, మాట తడబడటం, మూర్ఛ, మగతగా లేదా పొంతన లేకుండా మాట్లాడటం, వీటిలో ఏది ఉన్నా ఆగకూడదు. తలకి దెబ్బ తగిలాక పెరుగుతూ వచ్చే నొప్పి కూడా అంతే. పెద్ద వయసువాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ అయితే, చిన్న దెబ్బే అనుకున్నది రెండు మూడు వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. పడుకుంటే, దగ్గితే, ముక్కితే పెరిగే నొప్పి, పొద్దున్నే వాంతులు, చూపు మసకబారడం రోజురోజుకీ ఎక్కువవుతుంటే తలలో ఒత్తిడి పెరుగుతోందని అనుమానించాలి. క్యాన్సర్ వచ్చినవాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకీ కొత్తగా తలనొప్పి మొదలైతే స్కాన్‌కి తొందరపడాలి.

గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత ఆరు వారాల్లో కొత్త తలనొప్పి వస్తే ముందు బీపీ చూపించండి. ఆ రోజుల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా జరుగుతుంది, మామూలు సీటీలో అది కనిపించకపోవచ్చు, సిరల్ని చూపించే స్కాన్ వేరే అడగాలి.

ఎర్రబడ్డ కన్ను, లైట్ల చుట్టూ రంగు వలయాలు, కంటి నొప్పి ఉంటే అది తలనొప్పి రూపంలో వచ్చిన కంటి జబ్బు, అదే రోజు కంటి డాక్టర్ చూడాలి.

నాకు 50 దాటాక మొదటిసారి తలనొప్పి మొదలైంది. స్కాన్ నార్మల్ అన్నారు. ఇక భయం లేదా?

ఇంకో పని మిగిలి ఉంది, రక్త పరీక్ష. కణత దగ్గరి రక్తనాళంలో వాపు వచ్చే జబ్బు ఒకటుంది, జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అంటారు, 50 దాటినవాళ్లకే వస్తుంది, మెదడు స్కాన్‌లో కనిపించకపోవచ్చు. దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలేకొద్దీ దవడ నొప్పి, చూపు క్షణకాలం మాయమవడం దీని గుర్తులు. వీటిలో ఏదైనా ఉంటే అదే రోజు వెళ్లి ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు అడగండి. అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు రిపోర్టుల కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెడతారు, ఎందుకంటే ఆలస్యమైతే చూపు పోతుంది, పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు.

అత్యవసర విభాగంలో ఏం చెప్పాలి? ఆ నొప్పిలో మాటలే రావు.

పక్కన వచ్చినవాళ్లు చెప్పాలి, "తల పగిలిపోతోందట" అన్నంతమాత్రాన డాక్టర్‌కి ఏమీ తెలియదు. ఎన్నింటికి మొదలైంది, అప్పుడు ఏం చేస్తున్నారు, పూర్తిగా ముదరడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఇలాంటిది ఇంతకుముందు వచ్చిందా, ఏ మాత్ర ఎంత ఎన్నింటికి వేసుకున్నారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గర్భం ఉందా. "సాయంత్రం ఆరూ పదికి స్నానం చేస్తుండగా, ఒక్కసారిగా, ఇలా ఎప్పుడూ రాలేదు" అని చెబితే డాక్టర్ వెంటనే స్కాన్ గదికి పంపిస్తారు. "మధ్యాహ్నం నుంచి మెల్లగా పెరిగింది, నెలనెలా వచ్చేదే, ఈసారి వాంతులు ఆగట్లేదు" అని చెబితే, పరీక్ష చేసి, తేడా ఏమీ లేకపోతే సెలైన్, వాంతికీ నొప్పికీ ఇంజెక్షన్లు ఇచ్చి చీకటి గదిలో పడుకోబెడతారు.